విమాన టికెట్ రిఫండ్ తక్కువ వచ్చినప్పుడు కోతల లెక్క ఎలా అడగాలి

ప్రశ్న: అమ్మానాన్నలతో కలిపి ముగ్గురికి హైదరాబాద్ నుంచి వారణాసికి ఒక బుకింగ్ యాప్‌లో టికెట్లు తీసుకున్నాను. కట్టింది 22,602 రూపాయలు. నాన్నగారికి ఒంట్లో బాగోలేక ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందు రద్దు చేశాను. వచ్చింది 6,501. యాప్‌లో ‘Airline Charges & Fees: ₹16,101’ అని ఒకే వరుస కనిపిస్తోంది. యాప్ వాళ్లను అడిగితే విమాన సంస్థను అడగమంటున్నారు, విమాన సంస్థ వాళ్లేమో యాప్‌నే అడగమంటున్నారు. ఎవరు ఎంత పట్టుకున్నారో తెలుసుకునేదెలా? టికెట్టు, రద్దు నిబంధనల పేజీ జతచేశాను. (కూకట్‌పల్లి నుంచి)

సమాధానం:

సికింద్రాబాద్‌లో ఒక ట్రావెల్ ఆఫీసులో పద్నాలుగేళ్లు రిఫండ్ల ఖాతా చూసిన అనుభవంతో రాస్తున్నాను. ఇలా ఒకే వరుసలో మొత్తం చూపించడాన్ని మేము గుండుగుత్త లెక్క అనేవాళ్లం. ఆ వరుసకు ‘ఎయిర్‌లైన్ ఛార్జీలు’ అని పేరు పెట్టినా, అందులో ఉన్నదంతా విమాన సంస్థకు చేరిన సొమ్ము కాదు. కొంత విమాన సంస్థ పట్టుకుంటుంది, కొంత యాప్ తన రుసుముగా ఉంచుకుంటుంది, మరికొంత డిస్కౌంటు సర్దుబాటు పేరుతో తగ్గుతుంది. ఈ మూడింటినీ విడదీయకుండా ‘ఇంత తక్కువ ఎందుకు వచ్చింది’ అని ఎన్నిసార్లు అడిగినా, మీకిప్పుడు ఎదురైనట్లే ఒకరు మరొకరి వైపు చూపిస్తారు. కాబట్టి ముందు లెక్క మనం వేసుకుని, ఆ తరువాత ఉత్తరం రాయాలి.

మీ టికెట్ మీద ధర విభజన ఉండడం మంచిదయింది. ఒక్కొక్కరికి బేస్ ఫేర్ 5,600, ఇంధన సర్‌ఛార్జీ 400, ఆ రెంటి మీద ఎకానమీ తరగతికి 5 శాతం చొప్పున జీఎస్టీ 300, UDF అని కనిపిస్తున్న విమానాశ్రయ వినియోగ రుసుము 885, ASF అని కనిపిస్తున్న భద్రతా రుసుము 236 ఉన్నాయి. చివరి రెంటిలోనూ వాటి మీది జీఎస్టీ కలిసే ఉంది. ఉదాహరణకు దేశీయ ప్రయాణానికి భద్రతా రుసుము 200 కాగా, 18 శాతం పన్నుతో అది 236 అవుతుంది. ఇవన్నీ కలిపితే మనిషికి 7,421, ముగ్గురికి 22,263. దానికి యాప్ కన్వీనియన్స్ ఫీజు మనిషికి 350, దాని మీద పన్నుతో 413 చొప్పున 1,239 కలిసి 23,502 అయింది. అందులోంచి కూపన్ డిస్కౌంటు 900 పోగా మీరు కట్టింది 22,602. ఈ 900ను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

ఇప్పుడు విమాన సంస్థ ఎంతవరకు పట్టుకోవచ్చో చూద్దాం. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, టికెట్ రిఫండ్ల గురించి ఇచ్చిన నిబంధనల ప్రకారం రద్దు రుసుము ఏ పరిస్థితిలోనూ బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీల మొత్తాన్ని దాటకూడదు. UDF వంటి విమానాశ్రయ రుసుములను, చట్టబద్ధమైన పన్నులను ప్రయాణికుడికి తిరిగి ఇవ్వాలి. ఆఫర్ ధరకు కొన్న టికెట్టయినా, బేస్ ఫేర్ తిరిగి రాదని రాసి ఉన్న టికెట్టయినా, చివరకు ప్రయాణికుడు విమానాశ్రయానికే వెళ్లకపోయినా ఈ మాట వర్తిస్తుంది. కారణం కూడా సులభంగానే అర్థమవుతుంది: మీరు విమానాశ్రయంలో అడుగు పెట్టనప్పుడు దాని వాడకానికీ, అక్కడి భద్రతకూ వసూలు చేసిన సొమ్ము మరొకరి దగ్గర ఉండిపోవడానికి వీల్లేదు. మీ విషయంలో ఈ రెండు రుసుములూ కలిపి మనిషికి 1,121, ముగ్గురికి 3,363 అవుతాయి. విమాన సంస్థ నుంచి అంతకంటే తక్కువ వచ్చిందని తేలితే ఇక వేరే వాదన అక్కర్లేదు, అది తప్పే. అయితే విదేశీ విమాన సంస్థల టికెట్లకు రిఫండ్ పద్ధతి వాటి స్వదేశపు నిబంధనలను బట్టి ఉంటుంది కనుక, ఈ లెక్కను గల్ఫ్‌కో అమెరికాకో తీసుకున్న టికెట్‌కు యథాతథంగా అన్వయించకండి.

మీరు పంపిన రద్దు నిబంధనల పేజీలో, ప్రయాణానికి నాలుగు రోజులకు మించి ముందుగా రద్దు చేస్తే మనిషికి 4,000 అని ఉంది. మీరు తొమ్మిది రోజుల ముందే రద్దు చేశారు కాబట్టి అదే వర్తిస్తుంది. అది బేస్ ఫేర్, ఇంధన సర్‌ఛార్జీ కలిపిన 6,000 పరిమితికి లోపలే ఉంది గనుక ఆ నాలుగు వేలను ప్రశ్నించి ప్రయోజనం లేదు. ఒక్కటి మాత్రం సరిచూసుకోండి: ఈ రుసుము సాధారణంగా మనిషికి, ఒక్కో ప్రయాణ భాగానికి లెక్క. మీది నేరుగా వెళ్లే విమానం, ఒకే పీఎన్‌ఆర్, కాబట్టి ఒక్కసారే పడాలి. మధ్యలో విమానం మారే ప్రయాణాన్ని యాప్ రెండు వేర్వేరు పీఎన్‌ఆర్‌లుగా కుట్టి అమ్మితే రద్దు రుసుము రెండుసార్లు పడుతుంది. చాలామందికి ఆ సంగతి రిఫండ్ వచ్చాకే తెలుస్తుంది.

పొరపాట్లు ఎక్కువగా దొర్లేది జీఎస్టీ దగ్గర. మీరు కట్టిన 300 మొత్తం ఆరు వేల రూపాయల ప్రయాణం మీద వేసిన పన్ను. ఆ ప్రయాణం జరగలేదు, అందులో నాలుగు వేలు మాత్రమే రద్దు రుసుముగా సంస్థ దగ్గర ఆగింది. అసలు సేవకు ఏ రేటు వర్తిస్తుందో దాని రద్దు రుసుముకూ అదే రేటు వర్తిస్తుందని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన సర్క్యులర్‌లో స్పష్టం చేసింది. కాబట్టి ‘పన్ను అంతా తిరిగి ఇవ్వాలి కదా’ అని మీరు వాదిస్తే, నాలుగు వేల మీద 5 శాతం, అంటే 200, తాము ప్రభుత్వానికి కట్టాల్సిందేనని వాళ్లు చెబుతారు. ఆ మాట సరైనదే. కానీ మిగిలిన 100 వాళ్ల దగ్గర ఉండడానికి ఆధారం లేదు. అంటే విమాన సంస్థ పట్టుకోదగింది మనిషికి 4,200, ముగ్గురికి 12,600. అది తిరిగి పంపవలసింది 22,263లో అది పోగా 9,663.

యాప్ వైపు లెక్క ఇంతకంటే చిన్నది. కన్వీనియన్స్ ఫీజు 1,239 తిరిగి రాదని కొనేటప్పుడే రాసి ఉంది. దాన్ని వదిలేయమనే నా సలహా. రద్దు చేసినందుకు యాప్ తన సేవా రుసుముగా మనిషికి 300, పన్నుతో 354, ముగ్గురికి 1,062 తీసుకుంటుందని కూడా ఆ పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల్లో, ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థలు తామే ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమునే తామూ భరించేటట్లయితే తప్ప, కొనుగోలుదారుడి నుంచి రద్దు రుసుము వసూలు చేయరాదన్న మాట ఒకటి ఉంది. దాని ఆధారంగా ఈ 1,062ను ప్రశ్నించవచ్చు. కానీ వాళ్లు దాన్ని రద్దు రుసుము కాదు, సేవా రుసుము అంటారు, అక్కడినుంచి అది మాటల తగాదాగా మారుతుంది. ముందు లెక్కలోని తప్పును పట్టుకుందాం, ఎందుకంటే దానికి వాళ్ల దగ్గర జవాబు ఉండదు.

ఇక ఆ 900 దగ్గరికి వద్దాం. టికెట్ రద్దయితే కూపన్ డిస్కౌంటు వెనక్కి తీసుకుంటామని చాలా యాప్‌ల షరతుల్లో ఉంటుంది. అది తప్పేమీ కాదు, కానీ ఒక్కసారే జరగాలి. డిస్కౌంటుకు ముందున్న ధర నుంచి లెక్క మొదలుపెడితే చివర 900 తీసివేయాలి. మీరు నిజంగా కట్టిన మొత్తం నుంచి మొదలుపెడితే మళ్లీ తీసివేయకూడదు, ఎందుకంటే ఆ మొత్తంలో అది ముందే తగ్గి ఉంది. మీ విషయంలో రెండు దారుల్లోనూ లెక్క వేసి చూడండి. విమాన సంస్థ పంపాల్సిన 9,663 నుంచి యాప్ సేవా రుసుము 1,062, డిస్కౌంటు 900 తీసేస్తే 7,701 వస్తుంది. లేదా మీరు కట్టిన 22,602 నుంచి విమాన సంస్థ కోత 12,600, యాప్ రుసుములు 1,062, 1,239 తీసేసినా అదే 7,701 వస్తుంది. రెండు దారులూ ఒకే చోట కలిశాయంటే లెక్క నిలబడినట్టు.

మీకు వచ్చింది 6,501. తేడా 1,200. కట్టినదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న 16,101 చూసి మీకు కోపం రావడం సహజమే, కానీ అందులో 14,901కి ఆధారం దొరుకుతోంది. అడగవలసిన పైకం ఈ పన్నెండు వందలే. ఇక్కడినుంచి నేను చెప్పేది అనుమానం మాత్రమే: డిస్కౌంటు రెండోసారి తీసేస్తే 900, జీఎస్టీలో మనిషికి తిరిగి రావలసిన 100 ఆపేస్తే ముగ్గురికి 300, రెండూ కలిపితే సరిగ్గా 1,200. అంకెలు ఇంత కచ్చితంగా సరిపోతున్నప్పుడు ఆ అనుమానాన్ని కొట్టిపారేయలేం. అయినా ఉత్తరంలో ‘మీరు డిస్కౌంటు రెండుసార్లు కోశారు’ అని రాయకండి. అలా రాస్తే ఆ ఒక్కదానికే ‘కోయలేదు’ అని జవాబిచ్చి ఫిర్యాదు మూసేస్తారు. వరుసలన్నీ వాళ్లచేతే విప్పించాలి.

ఉత్తరం రాసే ముందు రెండు పనులు చేయండి. మొదటిది, డబ్బు నిజంగా వచ్చింది ఇంతేనా అని చూసుకోవడం. రిఫండ్ కొన్నిసార్లు రెండు ముక్కలుగా, కొంత కార్డుకు, కొంత యాప్ వాలెట్‌కు వస్తుంది. కార్డు స్టేట్‌మెంటు, వాలెట్ రెండూ చూడండి. రెండోది, ఇదే అసలు కీలకం, విమాన సంస్థ ఎంత తిరిగి పంపిందో విమాన సంస్థ నోటే తెలుసుకోవడం. వాళ్లను ‘నా రిఫండ్ ఎందుకు తక్కువ వచ్చింది’ అని అడిగితే యాప్‌ను అడగమంటారు. దాని బదులు, పీఎన్‌ఆర్ చెప్పి, ‘ఈ పీఎన్‌ఆర్ మీద మీరు ఏజెంటుకు, అంటే ఈ యాప్‌కు, తిరిగి జమ చేసిన మొత్తం ఎంత, ఏ తేదీన, రద్దు రుసుముగా ఎంత పట్టుకున్నారు’ అని అడగండి. ఈ ప్రశ్నకు వాళ్ల స్క్రీన్ మీదే జవాబు ఉంటుంది. చాలా సంస్థల వెబ్‌సైట్లలో పీఎన్‌ఆర్‌తో జీఎస్టీ ఇన్‌వాయిస్ దింపుకునే వీలుంటుంది. రద్దు తరువాత దానికి సంబంధించిన క్రెడిట్ నోట్ కూడా అడిగి తీసుకోండి. అందులో వెనక్కి ఇచ్చిన పన్ను విడిగా కనిపిస్తుంది కాబట్టి, పై 300 రూపాయలు విమాన సంస్థ దగ్గరే ఆగాయా, వాళ్లు పంపాక యాప్ దగ్గర ఆగాయా అన్నది ఆ కాగితమే తేల్చేస్తుంది.

దీని విలువ నాకు సొంత అనుభవంతో తెలిసింది. ఒకసారి మా అమ్మాయి టికెట్ రద్దు చేసినప్పుడు, యాప్ వాళ్లు ‘ఎయిర్‌లైన్ కోత’ అని చూపిన మొత్తానికీ, విమాన సంస్థ ఫోనులో చెప్పిన మొత్తానికీ ఎనిమిది వందల పైచిలుకు తేడా కనిపించింది. ఆ ఒక్క అంకెనూ, ఫోను చేసిన తేదీనీ, ఫిర్యాదు సంఖ్యనూ రాసి పంపితే, అంతకు ముందు రెండు వారాలు ‘పాలసీ ప్రకారమే’ అన్నవాళ్లు మూడో రోజున తేడా జమ చేశారు. విమాన సంస్థ నంబరును మాత్రం టికెట్ మీద నుంచో, వాళ్ల సొంత వెబ్‌సైట్ నుంచో తీసుకోండి. గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో రిఫండ్ పేరుతో స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించుకుని ఖాతా ఖాళీ చేసేవాళ్లున్నారు.

ఉత్తరం చాట్‌లో కాకుండా ఈ-మెయిల్‌లో, యాప్ గ్రీవెన్స్ అధికారి పేరున పంపండి. ఆ అధికారి వివరాలు వెబ్‌సైట్‌లో పెట్టి ఉంచడం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపడం, నెల రోజుల్లో పరిష్కరించడం పైన చెప్పిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్ల బాధ్యత. ఇంగ్లీషులో రాసినా, తెలుగులో రాసినా వరుస ఇలా ఉంటే చాలు:

“విషయం: బుకింగ్ సంఖ్య ____, పీఎన్‌ఆర్ ____. రిఫండ్‌లో జరిగిన కోతల వివరణ కోరుతూ.

అయ్యా, పై బుకింగ్‌కు నేను 22,602 రూపాయలు చెల్లించాను. ____ తేదీన రద్దు చేయగా ____ తేదీన 6,501 రూపాయలు జమ అయ్యాయి. మిగిలిన 16,101 రూపాయలను మీరు ఒకే వరుసలో ‘Airline Charges & Fees’గా చూపించారు. ఆ మొత్తంలోని ప్రతి కోతకూ ఈ వివరాలు విడివిడిగా తెలపగలరు: కోత పేరు, మనిషికి ఎంత, దాని మీద వేసిన పన్ను ఎంత, ఆ సొమ్ము ప్రస్తుతం విమాన సంస్థ దగ్గర ఉందా, మీ దగ్గర ఉందా, నేను టికెట్ కొన్నప్పుడు చూపిన ఏ షరతు ప్రకారం అది తీసుకున్నారు.

అలాగే ఈ పీఎన్‌ఆర్ మీద విమాన సంస్థ నుంచి మీకు తిరిగి వచ్చిన మొత్తం, తేదీ తెలిపి, సంబంధిత క్రెడిట్ నోట్ ప్రతిని పంపగలరు. కూపన్ డిస్కౌంటు 900 రూపాయలను ఏ మొత్తం నుంచి, ఏ దశలో సర్దుబాటు చేశారో చూపగలరు.

నా లెక్క ప్రకారం రావలసింది 7,701 రూపాయలు. లెక్క జతచేశాను. అందులో తప్పుంటే ఏ వరుసలో ఉందో చెప్పగలరు; లేకపోతే మిగిలిన 1,200 రూపాయలను చెల్లింపు జరిగిన కార్డుకే జమ చేయగలరు.”

‘ఆ సొమ్ము ప్రస్తుతం ఎవరి దగ్గర ఉంది’ అన్న ప్రశ్నను మాత్రం తీసేయకండి. ‘ఎయిర్‌లైన్ ఛార్జీలు’ అన్న ముసుగు తొలిగేది దానితోనే. విమాన సంస్థ దగ్గర ఉందని యాప్ రాతపూర్వకంగా చెబితే, ఆ మెయిల్‌నే విమాన సంస్థకు పంపి ధ్రువీకరించమనవచ్చు. అక్కడ అబద్ధం చెబితే మరుసటి మెయిల్‌కే బయటపడుతుంది. కొన్నప్పుడు చూపిన షరతుల పేజీని మీరు స్క్రీన్‌షాట్ తీసి ఉంచడం కూడా కలిసొచ్చింది, ఎందుకంటే ఆ పేజీలు తరువాత మారుతుంటాయి, ఈరోజు కనిపించే రేటు మీరు కొన్ననాటిది కాకపోవచ్చు.

జవాబుగా ‘కంపెనీ విధానం ప్రకారమే తగ్గించాం’ అని మాత్రమే వస్తే దాన్ని జవాబుగా లెక్కించకండి. ‘విధానంలో ఏ వాక్యం, ఏ వరుసకు’ అని అదే మెయిల్ దారంలో ఒక్క ముక్క తిరిగి రాయండి. రిఫండ్ మొత్తాన్ని, దాని విభజననూ టికెట్ మీదగానీ, విడి పత్రంలోగానీ చూపడం డీజీసీఏ నిబంధనల్లో విమాన సంస్థ మీద పెట్టిన బాధ్యత. ఏజెంట్లు తాము నియమించుకున్న ప్రతినిధులు గనుక, ఏజెంటు ద్వారా కొన్న టికెట్ రిఫండ్ బాధ్యత కూడా విమాన సంస్థదేనని అవే నిబంధనలు చెబుతున్నాయి. అందుకే మెయిల్ ప్రతిని విమాన సంస్థలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి కూడా పంపండి. ‘మాకు సంబంధం లేదు’ అనడానికి వాళ్లకు వీలుండదు.

అప్పటికీ కదలిక లేకపోతే, విమాన సంస్థ మీద కేంద్ర పౌర విమానయాన శాఖ నడిపే ఎయిర్‌సేవా పోర్టల్‌లో, యాప్ మీద 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడవచ్చు. రెండు చోట్లా ‘రిఫండ్ తక్కువ వచ్చింది’ అని కాకుండా ‘1,200 రూపాయల కోతకు ఆధారం చూపలేదు’ అని రాయండి, లెక్క జతచేయండి. కార్డు బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్, అంటే కార్డుతో కట్టిన సొమ్మును బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే అర్జీ, వేయమని కొందరు సలహా ఇస్తారు. మొత్తం 16,101కి వేస్తే రద్దు నిబంధనల పేజీ చూపించి యాప్ సులువుగా గెలుస్తుంది, తరువాత మీ 1,200 మాట ఎవరూ వినరు. విమాన సంస్థ ఎక్కువ పంపిందనో, యాప్ ఇంత ఇస్తామందనో కాగితం చేతికొచ్చాక, ఆ తేడాకు మాత్రమే వేయండి. దానికి గడువు ఉంటుంది కనుక బ్యాంకును ముందే అడిగి తెలుసుకోండి.

పన్నెండు వందలకు వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లాలా అన్నది మీ ఓపికను బట్టి ఉంటుంది. మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన విలువ ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువుంది. నా అనుభవంలో వరుసల వారీ లెక్క వాళ్ల ముందు పెట్టిన కేసులు చాలావరకు గ్రీవెన్స్ అధికారి స్థాయిలోనో, 1915 స్థాయిలోనో ముగిసిపోయాయి.

సగం డబ్బు, ఉదాహరణకు ఆ 900 మాత్రమే, వేసి ‘ఫిర్యాదు పరిష్కారమైంది’ అని యాప్‌లో ఒక బటన్ నొక్కమనే అవకాశం ఉంది. నొక్కకండి. ‘900 అందింది, దీన్ని పాక్షిక చెల్లింపుగా స్వీకరిస్తున్నాను, జీఎస్టీకి సంబంధించిన 300కు వివరణ ఇంకా రాలేదు’ అని అదే మెయిల్‌లో రాసి, జమకు సంబంధించిన రిఫరెన్స్ నంబరును కూడా అందులో వేయండి.